ఒప్పుకున్న ఫెలోషిప్‌ని వదులుకోవాల్సి వస్తే

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని టైపు చేసినది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఫెలోషిప్ ఎలా సంపాదించాలో చెప్పడానికి మనుషులు చాలామంది ఉన్నారు. వచ్చిన ఫెలోషిప్‌ని ఎలా వదులుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం కనపడరు. అందులోనూ నేను మాట్లాడబోయేది మరీ ఇరుకైన సందర్భం. ఇంకా ఒప్పుకోని ఆఫర్‌ని కాదనడం గురించి కాదు, అది తేలిక, రెండు వాక్యాల పని. చేరిపోయి డబ్బు తీసుకుంటూ మధ్యలో మానేయడం గురించీ కాదు, అది వేరే కథ, అక్కడ ఒప్పందాలూ వసూళ్లూ వస్తాయి. ఆ రెండింటి మధ్య ఒకటుంది. సంతకం పెట్టారు. ఇంకా చేరలేదు. ఈలోగా అంతకంటే మంచిది వచ్చింది. అప్పుడేం చేయాలి? నాకు పదేపదే వచ్చే ప్రశ్న ఇదే.

నేను చాలాకాలం ఫెలోషిప్ ఇచ్చే ఆఫీసు వైపు కూర్చున్నాను. దరఖాస్తులు చదివాను, ఇంటర్వ్యూ ప్యానెళ్లలో ఉన్నాను, ఇలాంటి ఉత్తరాలు అందుకున్నాను. కాబట్టి అవతలి గదిలో ఏం జరుగుతుందో ముందు చెబుతాను. అది తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసులో ఏం జరుగుతుందనుకుంటున్నారు? అందరూ తల పట్టుకుని, ‘ఎంత కృతఘ్నత!’ అనుకుంటారనా? కాదండీ. ప్రోగ్రామ్ ఆఫీసర్ మొదట చూసేది తేదీ. రెండోది రిజర్వ్ లిస్టు. చాలా పెద్ద స్కాలర్‌షిప్‌లకి ఈ జాబితా ఉంటుంది. ఫుల్‌బ్రైట్‌లో ఆల్టర్నేట్ అంటారు, చీవ్‌నింగ్‌లో, ఎరాస్మస్ ముండస్‌లో రిజర్వ్ అంటారు. పేరేదైనా సంగతి ఒకటే. ఎంపికైనవాళ్ల తర్వాత వరసలో ఉన్నవాళ్లకి, ‘ఎవరైనా తప్పుకుంటే మీకు అవకాశం’ అని చెప్పి ఉంచుతారు. వాళ్లు రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటూ ఉంటారు.

ఇప్పుడు ఆ రిజర్వ్ మనిషి వైపు నుంచి లెక్క వేయండి. కోర్సు సెప్టెంబరు ఆఖర్లో మొదలవుతుందనుకుందాం. ఆ మనిషికి వీసా కావాలి, దానికి వారాలు పడుతుంది. ఉద్యోగంలో ఉంటే నోటీసు ఇవ్వాలి, చాలాచోట్ల నెల, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. విశ్వవిద్యాలయంలో తన సీటు ఇంకా బతికి ఉండాలి, ఎందుకంటే సీటు ఖరారు చేసుకోవడానికీ గడువు ఉంటుంది. ఇవన్నీ వెనక్కి లెక్క కడితే ఏం తేలుతుంది? మీరు జూన్‌లో చెబితే ఆ మనిషి వెళ్లగలడు. జులై చివర్లో చెబితే పరుగులు పెట్టాలి. ఆగస్టు ఆఖర్లో చెబితే వెళ్లలేడు. స్థానం ఖాళీగా పోతుంది. ఏడాది బడ్జెట్‌తో నడిచే సంస్థల్లో మిగిలిన డబ్బు తర్వాతి ఏడాదికి రాకపోవచ్చు కూడా. పైగా ఖర్చు కాని స్థానానికి ప్రోగ్రామ్ ఆఫీసర్ పైవాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాలి.

అందుకే నేను ఒక మాట గట్టిగా చెబుతాను. ఫెలోషిప్ ఇచ్చినవాళ్ల పట్ల మర్యాద మీ ఉత్తరంలోని పదాల్లో కంటే దాని తేదీలో ఎక్కువ ఉంటుంది. మొరటుగా రాసినా సరే, జూన్‌లో వచ్చిన ఉత్తరాన్ని ఆఫీసు క్షమిస్తుంది. కవిత్వంలా రాసిన ఆగస్టు ఉత్తరాన్ని క్షమించదు. అయితే మనవాళ్లు ఏం చేస్తారు? ఎలా రాయాలా, ఎలా నొప్పించకుండా చెప్పాలా అని ఆలోచిస్తూ మూడు వారాలు నానుస్తారు. నొప్పించకూడదనుకున్న ఆ మూడు వారాలే అసలు నొప్పి.

సరే, ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. ఒక అమ్మాయి. నీటి నాణ్యత మీద పని చేస్తుంది. ఒక ప్రైవేటు ఫౌండేషన్ ఆమెకి రెండేళ్ల మాస్టర్స్ ఫెలోషిప్ ఇచ్చింది. ఏప్రిల్ 4న అంగీకార పత్రం మీద సంతకం పెట్టింది. మే నెలలో వాళ్లు సన్నాహాల కోసమని కొంత భత్యం కూడా పంపారు. జూన్ 10న ఇంకో విశ్వవిద్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. నాలుగేళ్ల పీహెచ్‌డీ, అదే రంగం, ఆమె కావాలనుకున్న ప్రొఫెసరే. రెండూ సెప్టెంబరులోనే మొదలు.

ఆమె మొదట ఏం చేయాలి? ఫౌండేషన్‌కి రాయాలా? కాదు. ఇప్పుడే తొందరపడమన్నాను, మళ్లీ ఆగమంటున్నానేంటి అనుకోకండి. ముందు రెండో ఆఫర్ నిజంగా చేతిలో ఉందో లేదో చూసుకోవాలి. ‘మిమ్మల్ని తీసుకోవడానికి సంతోషిస్తున్నాం’ అని ప్రొఫెసర్ రాసిన మెయిల్ ఆఫర్ కాదు. అడ్మిషన్ వేరు, డబ్బు వేరు. విశ్వవిద్యాలయం అధికారికంగా ఇచ్చిన ఉత్తరం ఉండాలి. అందులో ట్యూషన్ ఫీజు ఎవరు కడతారు, నెలకి ఎంత ఇస్తారు, ఎన్నేళ్లు, ఏ షరతు మీద అన్నది రాసి ఉండాలి. ‘నిధులు మంజూరైతే’ అన్న మాట ఉందా? అప్పుడది ఇంకా గాల్లో ఉన్నట్టే. ఒకటి వదిలేసి, రెండోది జారిపోయి, తిరిగి మొదటిదాని తలుపు తట్టినవాళ్లని చూశాను. ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు, ఎందుకంటే అప్పటికే ఆ స్థానం రిజర్వ్ మనిషికి వెళ్లిపోయి ఉంటుంది.

మన అమ్మాయి ఆ రోజే విశ్వవిద్యాలయానికి రాసింది. ‘నా దగ్గర ఇప్పటికే అంగీకరించిన ఫెలోషిప్ ఉంది. దాని నుంచి పద్ధతిగా తప్పుకోవాలి. అధికారిక ఆఫర్ లెటర్ పంపితే, వారం రోజుల్లో నా సమాధానం ఇస్తాను’ అని. గమనించండి, ఈ విషయం దాచలేదు. దాచాల్సిన పనీ లేదు. తెలివైన చోటు ఏదీ దీన్ని తప్పు పట్టదు. జూన్ 13న లెటర్ వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న పక్క మాట. అమెరికా విశ్వవిద్యాలయాలకి వెళ్లేవాళ్లు ఏప్రిల్ 15 అన్న తేదీని వినే ఉంటారు. అక్కడి కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ చేసిన తీర్మానం ఒకటుంది. దాన్ని ఒప్పుకున్న విశ్వవిద్యాలయాలు తామిచ్చే ఆర్థిక సాయానికి ఏప్రిల్ 15 లోపే సమాధానం చెప్పి తీరాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. ముందే ఒప్పేసుకున్నా, ఆ తేదీ దాకా రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. బాగుంది కదా? కానీ అది ఆ తీర్మానం మీద సంతకం పెట్టిన విశ్వవిద్యాలయాలిచ్చే సాయానికి మాత్రమే. బయటి ఫౌండేషన్‌కో, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కో ఏప్రిల్ 15 పేరు చెప్పి హక్కులు మాట్లాడితే వాళ్లకి అర్థం కూడా కాదు. వాళ్ల నిబంధనలు వాళ్లవి. అలాగే ఆ తేదీ దాటాక వేరే విశ్వవిద్యాలయానికి మారుతుంటే, మొదటిచోటు వాళ్లు మిమ్మల్ని వదిలేసినట్టు ఉత్తరం చూపించాలని ఆ తీర్మానం పాత రూపంలో ఉండేది, ఇప్పుడది తీసేశారు.

తిరిగి మన అమ్మాయి దగ్గరికి వద్దాం. లెటర్ వచ్చింది. ఇప్పుడు ఏప్రిల్‌లో సంతకం పెట్టిన కాగితం బయటికి తీయాలి. ఎంతమంది చదివి సంతకం పెట్టారు? చేతులెత్తండి. ఆఁ, అనుకున్నాను. ఆ కాగితంలో వెతకాల్సినవి ఇవి. చేరకముందే తప్పుకుంటే ఏం చేయాలి అన్న పేరా. డబ్బు తిరిగి ఇవ్వడం గురించిన పేరా. వేరే ఫెలోషిప్‌తో కలిపి ఉంచుకోవచ్చా అన్న పేరా. ఇంకా బాండ్, పూచీకత్తు అన్న మాటలేమైనా ఉన్నాయా అన్నది. బాండ్ ఉందా, అప్పుడు నా మాటలు వదిలేసి ఒక లాయర్‌కి ఆ కాగితం చూపించండి. కొన్ని ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు పూచీదార్లతో బాండ్ రాయించుకుంటాయి, అక్కడ మర్యాద ఉత్తరం ఒక్కటే చాలదు. బాండ్ లేనిచోట మామూలుగా జరిగేది ఇదీ: చేరకముందు తప్పుకుంటే ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారు, అంతే.

కలిపి ఉంచుకోవడం గురించి ఆ పేరా ఎందుకు చూడాలి? ఎందుకంటే కొన్ని ఫెలోషిప్‌లు డబ్బు వదులుకుని పేరు మాత్రం ఉంచుకోనిస్తాయి. కొన్ని ఏడాది వాయిదా వేయనిస్తాయి. రాజీనామా ఉత్తరం రాసేముందు ఒక్క ఫోన్‌లో అడిగేయచ్చు. ఒక్క ఫోన్, ఒక్క రోజు. ‘చూద్దాం’ అని వారాలపాటు సాగిందంటే మళ్లీ గోడ మీద పిల్లి వాటమే. ఇంకొకటి, దయచేసి వినండి. ఫౌండేషన్‌తో బేరం పెట్టకండి. విశ్వవిద్యాలయ విభాగంతో, ‘అక్కడ ఇంతిస్తున్నారు, మీరు ఏమైనా పెంచగలరా’ అనడం చెల్లుతుంది, వాళ్ల చేతిలో కాస్త వెసులుబాటు ఉంటుంది. ఫౌండేషన్‌లో మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది, ఫెలోలందరికీ ఒకటే. ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి పెంచే అధికారం ఉండదు. మీరు వెళ్లిపోతున్నారన్న విషయం కంటే ఈ బేరమే ఎక్కువ గుర్తుంటుంది.

మన అమ్మాయి ఫోన్ చేసింది. వాయిదా కుదరదన్నారు, రెండూ కలిపి కుదరదన్నారు. మంచిదే, తేలిపోయింది. ‘అయితే నేను తప్పుకుంటున్నాను, ఈ రోజే ఉత్తరం పంపుతాను’ అంది. ఫోన్ ఎందుకు ముఖ్యమంటే, అవతలి మనిషి ఆ వార్తని ముందు మనిషి గొంతులో వింటారు. తర్వాత వచ్చే ఉత్తరం ఫైల్లోకి వెళ్లే కాగితం అవుతుంది, దాంట్లో మీరు భావోద్వేగాలు మోయాల్సిన అవసరం తగ్గుతుంది.

ఆ ఫోన్‌కి ముందు ఇంకో ఫోన్ చేసింది. ఎవరికి? ఆమెకి సిఫార్సు ఉత్తరాలు రాసిన ఇద్దరు అధ్యాపకులకి. కొన్ని ఫెలోషిప్‌లకి మీ కాలేజీయే మిమ్మల్ని నామినేట్ చేస్తుంది. అలా అయితే వాళ్లకీ ముందే చెప్పాలి. ఎందుకంటే ఫౌండేషన్ వాళ్లకి ఆ అధ్యాపకులతో ఏళ్ల తరబడి పరిచయం ఉంటుంది. ‘మీ అమ్మాయి వదిలేసిందటగా’ అన్న మాట మీ గురువుగారు మీ నోట కాక ఇంకొకరి నోట వింటే, మీరు మళ్లీ ఆ మనిషిని సిఫార్సు అడగగలరా? వచ్చే ఏడాది మీ జూనియర్‌కి ఆయన రాసే ఉత్తరం బరువు కూడా తగ్గుతుంది. కాబట్టి వరస ఇలా ఉండాలి. సిఫార్సు రాసినవాళ్లు, ఆ తర్వాత ఫెలోషిప్ ఇచ్చినవాళ్లు, అదే రోజు ఆ ఫెలోషిప్‌తో మీరు వెళ్లాల్సిన చోటి గైడు. సోషల్ మీడియాలో సంబరం అన్నిటికంటే ఆఖర్న. కొందరు తిరగేసి చేస్తారు. కొత్త చోటు పేరుతో పోస్టు పెట్టేస్తారు, ఫౌండేషన్‌కి ఇంకా చెప్పరు. ప్రోగ్రామ్ ఆఫీసర్లకి కూడా ఫోన్లున్నాయండీ, వాళ్లూ చూస్తారు.

ఇక ఉత్తరం. ముందు చెడ్డది చెబుతాను, నా దగ్గరకి వచ్చేవి ఎక్కువగా ఈ అచ్చులోనే ఉండేవి. ‘ఈ ఉత్తరం మిమ్మల్ని క్షేమంగా చేరుతుందని ఆశిస్తున్నాను. మీ ఫెలోషిప్‌కి ఎంపిక కావడం నా జీవితంలో అత్యంత గొప్ప గౌరవం. ఎన్నో నిద్రలేని రాత్రుల తర్వాత, కొన్ని అనివార్య కుటుంబ పరిస్థితుల వల్ల, ప్రస్తుతానికి నా నిర్ణయాన్ని పునఃపరిశీలించుకోవాల్సి వస్తోంది. వీలైతే భవిష్యత్తులో నన్ను పరిగణించగలరు.’

ఏం అర్థమైంది? తప్పుకుంటున్నారా, లేదా? ‘పునఃపరిశీలన’ అంటే ఏమిటి? ప్రోగ్రామ్ ఆఫీసర్ ఈ ఉత్తరం చూసి రిజర్వ్ మనిషికి ఫోన్ చేయగలరా? చేయలేరు. మళ్లీ మీకు రాయాలి, మీరు మళ్లీ జవాబివ్వాలి, ఇంకో వారం పోయింది. రెండోది, ‘కుటుంబ పరిస్థితులు’. అబద్ధం. సెప్టెంబరులో మీ పేరు ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో కొత్త విద్యార్థుల జాబితాలో కనపడుతుంది. నిజంగా కుటుంబంలో కష్టం వచ్చి వదులుకునేవాళ్లు కూడా ఉంటారు కదా? ఈ అబద్ధాల వల్ల వాళ్లని కూడా అనుమానంగా చూస్తారు. మంచి అవకాశం వచ్చిందని చెప్పడంలో సిగ్గేముంది? మిమ్మల్ని ఎంచుకున్నవాళ్లు మీరు ఎదుగుతారనే ఎంచుకున్నారు.

ఇప్పుడు మన అమ్మాయి రాసినది. మొత్తం చదువుతాను, పెద్దదేమీ కాదు. సబ్జెక్టు గీతలో తన పేరు, దరఖాస్తు సంఖ్య, ‘ఫెలోషిప్ అంగీకారం ఉపసంహరణ’ అని ఉంది. లోపల:

‘గౌరవనీయులైన ప్రోగ్రామ్ ఆఫీసర్ గారికి, ఏప్రిల్ 4న నేను అంగీకరించిన ఫెలోషిప్ నుంచి ఈ రోజు నుంచే తప్పుకుంటున్నాను. ఇది నా తుది నిర్ణయం. నా స్థానాన్ని మరొకరికి కేటాయించవచ్చు.

నా పరిశోధన రంగంలోనే నాలుగేళ్ల పీహెచ్‌డీకి పూర్తి ఆర్థిక సాయంతో అవకాశం వచ్చింది. మీ కోర్సూ అదీ ఒకే సమయంలో మొదలవుతున్నాయి. రెండూ కలిపి చేయడానికి మీ నిబంధనలు ఒప్పుకోవని ఈ రోజు ఫోన్‌లో నిర్ధారించుకున్నాను.

మే నెలలో మీరు పంపిన సన్నాహక భత్యాన్ని పూర్తిగా తిరిగి పంపుతాను. ఏ ఖాతాకి పంపాలో, ఏ వివరం రాయాలో తెలియజేయగలరు. నా పేరున ప్రయాణ టికెట్, బీమా ఏవైనా మొదలుపెట్టి ఉంటే ఆపించగలరు.

ఇంటర్వ్యూలో మీ ప్యానెల్ నేను నీటి నమూనాలు ఏ కాలంలో సేకరిస్తానని అడిగింది. ఆ ప్రశ్న వల్ల నా ప్రణాళికలో ఆ భాగాన్ని మార్చుకున్నాను. నా దరఖాస్తు మీద మీరు వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు. ఈ మార్పు వల్ల మీకు కలిగే పనిభారానికి మన్నించగలరు. ఈ ఉత్తరం అందినట్టు ఒక మాట రాస్తే నా రికార్డులో ఉంచుకుంటాను.’

అంతే. కింద పేరు.

ఇందులో ఏం బాగుంది? మొదటి పేరా చదవగానే ఆఫీసు పని మొదలవుతుంది. ‘నా స్థానాన్ని మరొకరికి కేటాయించవచ్చు’ అన్న వాక్యం ఉంది చూశారా, దాని విలువ ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి తెలుసు. ఆ ఒక్క వాక్యం ఫైల్లో ఉంటే ఇక మిమ్మల్ని అడగకుండా రిజర్వ్ లిస్టు తీయచ్చు. రెండో పేరాలో కారణం ఉంది, కానీ ఏ విశ్వవిద్యాలయమో, ఎంత డబ్బో చెప్పలేదు. అడిగితే చెప్పచ్చు, అడక్కుండా మీది తక్కువ, వాళ్లది ఎక్కువ అని పోల్చి చూపించడం దేనికి? కృతజ్ఞత చూడండి. ‘జీవితంలో అత్యంత గొప్ప గౌరవం’ అనలేదు. అంత గొప్పదైతే ఎందుకు వదులుకుంటున్నావమ్మా అని చదివేవాళ్లు అనుకోరూ? దాని బదులు నిజంగా జరిగిన ఒక్క సంగతి చెప్పింది. ప్యానెల్‌లో ఆ ప్రశ్న అడిగినవారికి ఈ వాక్యం ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. క్షమాపణ ఒక్కసారే ఉంది. నాలుగుసార్లు చెబితే, అవతలివాళ్లు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. అది వాళ్ల పని కాదు.

మూడో పేరా మీద ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే తర్వాత తలనొప్పులన్నీ డబ్బు దగ్గరే. ఆమె ఆ భత్యంలో కొంత అప్పటికే ఖర్చు పెట్టేసింది, పాస్‌పోర్టు రెన్యువల్‌కీ, వైద్య పరీక్షకీ. అయినా ‘పూర్తిగా’ అని రాసింది, నా ఉద్దేశంలో సరైన పనే. కొన్ని ఫౌండేషన్లు రసీదులు చూపిస్తే అప్పటికే అయిన ఖర్చు వదిలేస్తాయి. కానీ అది వాళ్లు ఇచ్చే వెసులుబాటు, మీరు ముందే పట్టుకుని కూర్చునేది కాదు. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు అడగండి, ఏ తేదీకి ఎంత అని రాసి అడగండి. అడగకుండా మౌనంగా ఉండకండి. ఖాతా వివరాలు రాకముందే, మీకు డబ్బు వచ్చిన పాత ఖాతాకే తిప్పి పంపేయకండి. ఆ డబ్బు ఎవరిదో తెలియక వాళ్ల లెక్కల్లో నెలలు తిరుగుతుంది. దరఖాస్తు సంఖ్య లేకుండా పంపకండి.

టికెట్ సంగతీ అంతే. సంస్థే విమానం టికెట్ కొనిపెట్టి ఉంటే దాన్ని రద్దు చేయడానికి గడువు ఉంటుంది, ఒక్క రోజు తేడాతో డబ్బు మొత్తం పోవచ్చు. వీసా ఇంకా ముఖ్యం. ఫౌండేషన్ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ పత్రం మీద వీసా తీసుకుని, దానితో వేరే చోట చేరదామనుకునేవాళ్లు ఉన్నారు. వద్దు. వీసా ఏ ప్రయోజనానికి, ఏ స్పాన్సర్ పేరున ఇచ్చారో దానికే. కొత్త విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రంతో కొత్తగా దరఖాస్తు చేయాలి. అందుకు సమయం కావాలి. చూశారా, తొందరగా చెప్పడం రిజర్వ్ మనిషికే కాదు, మీకూ అవసరమే.

ఇప్పుడు ఎవరో అడుగుతున్నారు... గట్టిగా, మైకులో అడగండి. ఆఁ. ‘వాళ్లు కోప్పడితే?’ అని. కోప్పడతారు, ఒక్కోసారి. ముఖ్యంగా చిన్న సంస్థ, ఏడాదికి ఇద్దరు ముగ్గురికే ఇచ్చేది, దాతలే స్వయంగా ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేసేది అయితే. వాళ్లకి మీరు ఒక అంకె కాదు. అలాంటిచోట ఫోన్ చాలదు, వీలుంటే వెళ్లి కలవండి. వెళ్లినా వాదించకండి. ‘మీరు బాధపడటంలో న్యాయం ఉంది’ అనండి, అక్కడితో ఆగండి. ‘కానీ’ అని మొదలుపెట్టారా, మళ్లీ మొదటికే వస్తారు. ఇంకా ఉండమని ఒత్తిడి చేస్తే, ఏదో ఒకటి ఆలోచిస్తాను అని బయటపడకండి. ఆ మాట పట్టుకుని వాళ్లు రిజర్వ్ మనిషిని ఇంకో పది రోజులు ఆపుతారు.

ఇంకో ప్రశ్న. ‘అదే సంస్థకి మళ్లీ దరఖాస్తు చేయచ్చా?’ చేయచ్చు. కొన్నిచోట్ల ఒకసారి ఒప్పుకుని తప్పుకున్నవాళ్లకి మళ్లీ అర్హత ఉండదు, అది నిబంధనల్లో రాసి ఉంటుంది, ముందు చూసుకోండి. లేనిచోట, దరఖాస్తులో ‘గతంలో మా ఫెలోషిప్ ఏదైనా అందుకున్నారా, తిరస్కరించారా’ అన్న గడి ఉండవచ్చు. ఉంటే నిజం రాయండి, ఏ సంవత్సరం, ఎందుకు తప్పుకున్నారు, డబ్బు ఎప్పుడు తిరిగి చెల్లించారు అన్నది రెండు వాక్యాల్లో. వాళ్ల దగ్గర పాత ఫైలు ఉంటుంది, అది తెరుస్తారు. అందులో జూన్ తేదీ ఉన్న ఉత్తరం, డబ్బు అందిన రసీదు కనపడితే చాలు, ఆ ప్రశ్న ఇంటర్వ్యూలో ఒక నిమిషం కంటే ఎక్కువ సాగదు. మన అమ్మాయికి ఆ రసీదు జులైలో వచ్చింది, అదీ తను రెండోసారి గుర్తు చేశాక. రాకపోతే మీరూ అడగండి.